డ్వాక్రా మీటింగులో చెక్కల లెక్క: నా అనుభవం

చెక్కల పని తెలిసినవాళ్లకి ఈ బాధ తెలుసు. పిండి కలపడానికి ఒక మనిషి చాలు, వేయించడానికి ఇద్దరు చాలు, ఒత్తడానికి మాత్రం ఎంతమంది ఉన్నా చాలరు. చెక్క పది గ్రాములు అనుకుంటే పది కేజీలకి వెయ్యి చెక్కలు. ప్రతిదీ నూనె రాసిన కవరు మీద వేలితో ఒత్తి, అంచు విరగకుండా తీసి మూకుట్లో వెయ్యాలి. మా పిండివంటల కొట్లో జంతికలు, కారప్పూస ఎలాగోలా నెట్టుకొస్తున్నాం కానీ, చెక్కల దగ్గరకొచ్చేసరికి ప్రతి వారం ఆర్డర్లు వెనక్కి పంపాల్సి వస్తోంది. మెషీన్ మీద ఒత్తించి చూశాం. అన్నీ ఒకే మందంలో, అచ్చు బిస్కెట్లలా వచ్చాయి. అడిగి కొనేవాళ్లు కూడా మొహం చిట్లించారు. అప్పుడే చుట్టుపక్కల ఊళ్లలో ఏదైనా మహిళా సంఘంతో సరఫరా ఒప్పందం పెట్టుకుందామని నిర్ణయించుకున్నాం. ఎవరో ఒకరికి పని అప్పజెప్పడం వేరు, సంఘం ముందు నిలబడి ప్రతిపాదన పెట్టడం వేరు. అది ఎలా జరిగిందో, ఎక్కడ బిగుసుకుందో, ఎక్కడ తెగిందో ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ ఊరి వీవోఏని కలిశాను. సంఘాల పుస్తకాలు రాసేది ఆవిడే, ఏ గ్రూపులో ఎవరికి ఏ పని వచ్చో ఆవిడకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. "చెక్కలకైతే ఫలానా గ్రూపు. కానీ ఓ మాట, వాళ్లు ఇదివరకు దెబ్బ తిన్నారు" అంది. ఎవరో వచ్చి మెషీన్ కొనిపించారట. తయారైన సరుకంతా మేమే వెనక్కి కొంటామని చెప్పి, రెండు లోడ్లు కొని ఫోన్ ఎత్తడం మానేశారట. మెషీన్ అప్పు ఇంకా తీరలేదు. ఇది ఆ ఒక్క ఊరి కథ కాదు. అగరబత్తులు, పేపర్ ప్లేట్లు, వత్తులు, ఇలా ఏదో ఒక పేరుతో చాలా ఊళ్లలో జరిగిందే. అందుకే నా మాట ఎక్కడ మొదలుపెట్టాలో వీవోఏ నోటి నుంచే దొరికింది.

మీటింగు సాయంత్రం, మొదటి లీడర్ ఇంటి అరుగు మీద. పొలం పనుల నుంచి వచ్చి, స్నానాలు చేసి, ఒక్కొక్కరే చేరారు. ముందు హాజరు, తర్వాత పొదుపు డబ్బులు, తర్వాత అప్పుల కిస్తీలు. ఆ వరసలో మనం దూరకూడదు. లెక్క సరిపోయి పుస్తకం మూసేదాకా నేను ఓ మూల కూర్చున్నాను. నిజానికి అలా కూర్చోవడం వల్ల నాకు లాభమే అయింది. వాళ్ల బ్యాంకు కిస్తీ ప్రతి నెలా పదో తారీఖున కట్టాలని, లోపల అప్పు తీసుకుంటే నూటికి రూపాయి వడ్డీ అని, ఒకావిడ రెండు నెలలుగా కట్టలేకపోతే మిగతావాళ్లు సర్దుతున్నారని చెవిన పడింది. డబ్బులు ఎప్పుడు ఇస్తారని వాళ్లు అడిగేటప్పటికి ఆ పదో తారీఖు నా బుర్రలో ఉంది.

లీడర్ నన్ను పరిచయం చేసి "పది నిమిషాలమ్మా, మళ్లీ వంటలు చూసుకోవాలి" అంది. మహిళా సాధికారత అంటూ మొదలుపెడితే అక్కడికక్కడే లేచిపోతారని తెలుసు. సూటిగా ఇలా అన్నాను:

"అక్కా, నేను మీకు ఏదీ అమ్మడానికి రాలేదు. డిపాజిట్ అడగను. మెషీన్ కొనమనను. మా కొట్లో చెక్కలకి గిరాకీ ఉంది, చేసే చేతులు లేవు. మీ చేతులు కావాలి. ఎంతకి కొంటానో, నేను ఎంతకి అమ్ముతానో, మధ్యలో నాకేం మిగులుతుందో అన్నీ ఈ కాగితం మీద రాసి చూపిస్తాను. నచ్చకపోతే కాఫీ తాగి వెళ్లిపోతాను."

నాకేం మిగులుతుందో చూపిస్తాననేసరికి వెనక గోడకి ఆనుకున్న పెద్దావిడ ముందుకి జరిగి కూర్చుంది. కానీ లెక్కకి ముందు ఇంకో పని చేశాను. సంచిలోంచి మూడు డబ్బాలు తీశాను. మూడింట్లోనూ చెక్కలే. ఒకటి సరిగ్గా వేగింది. రెండోది పెద్ద మంట మీద గబగబా తీసేసింది. మూడోది నాలుగైదు సార్లు వంటలకి వాడిన పాత నూనెలో చేసింది. ఏది ఏదో చెప్పకుండా చేతికిచ్చి, "ఏది బాగుందో మీరే చెప్పండి" అన్నాను.

పెద్దావిడ రెండో డబ్బాలోది నోట్లో పెట్టుకోలేదు. చెవి దగ్గర పెట్టి విరిచింది. "టక్కుమనలేదు. పైన ఎర్రగా ఉంది కానీ లోపల తడి ఆరలేదు. రేపటికి సాగుతుంది" అంది. మూడో డబ్బా మూత తీస్తూనే ఇంకొకావిడ ముక్కు మూసుకుంది, "పాత నూనె." అంతవరకు నేను చెప్పేదాన్ని, వాళ్లు వినేవాళ్లు. ఆ నిమిషం నుంచి వాళ్లు చెప్పేవాళ్లయ్యారు. సంఘం ముందు మాట్లాడబోయేవాళ్లకి నాకు తెలిసి ఇంతకన్నా పనికొచ్చే సరంజామా ఇంకోటి లేదు.

అప్పుడు చార్టు కాగితం గోడకి అంటించి లెక్క మొదలుపెట్టాను. పది కేజీల చెక్కలు తీయాలంటే ఏడు కేజీల బియ్యం. కేజీ 45 చొప్పున 315 రూపాయలు. నానబెట్టి, వడకట్టి, గుడ్డ మీద ఆరబోసి, కాస్త తడి ఉండగానే మర పట్టించడానికి 70. శనగపప్పు ముప్పావు కేజీ లోపే, 70. ఉప్పు, పచ్చిమిర్చి, అల్లం, జీలకర్ర, కరివేపాకు కలిపి 95. వేరుశనగ నూనె నాలుగు లీటర్లు, 640. గ్యాస్ 150. మొత్తం 1340.

"నాలుగు లీటర్లా? మేం ఇంట్లో చేస్తే అంత పట్టదు" అని ఒకరు. ఇంట్లో మిగిలిన నూనె కూరలో పోస్తాం కాబట్టి ఎంత పీల్చిందో ఎవరూ కొలవరు. ఈ పది కేజీల్లో దాదాపు మూడు కేజీల బరువు నూనెదే అంటే మొదట ఎవరూ నమ్మలేదు. ఏడు కేజీల బియ్యం, పప్పు కలిపి ఎనిమిది కేజీలు కూడా లేవు, పైగా వాటిలోని తడి వేగేటప్పుడు ఆవిరైపోతుంది, మరి పది కేజీలు ఎక్కడి నుంచి వచ్చాయి అని అడిగితే అప్పుడు నవ్వారు. పీల్చుకునేది మూడు లీటర్ల పైచిలుకు, మూకుట్లో అడుగున మిగిలేది ముప్పావు లీటరు పైన. ఆ మిగిలినది తర్వాతి బ్యాచ్‌కి వాడకూడదు కాబట్టి అది కూడా ఖర్చులోనే రాశాను.

గ్యాస్ దగ్గర కూడా చిన్న వాదన జరిగింది. ఇంటి సిలిండర్‌తో లెక్క వేస్తే ఇంకా తక్కువ పడుతుందన్నారు. వ్యాపారానికి ఇంటి సిలిండర్ వాడకూడదు, 19 కేజీల కమర్షియల్ సిలిండరే పెట్టాలి. ఆ ధరతోనే 150 వేశానని చెప్పాను. ఎవరైనా వచ్చి చూస్తే ఇబ్బంది పడేది లీడరే.

తర్వాత కూలి. మా దగ్గర పది కేజీలకి నలుగురు నాలుగు గంటలు కూర్చుంటారు. ఇద్దరు ఒత్తితే ఇద్దరు రెండు పొయ్యిల మీద వేయిస్తారు. మొత్తం పదహారు గంటల పని. ఆ ఊళ్లో ఆడవాళ్ల కూలి రోజుకి ఎంత అని నేను చెప్పలేదు, వాళ్లనే అడిగాను. నాలుగు వందలన్నారు. గంటకి యాభై చొప్పున 800 రాశాను. సామాన్లతో కలిపి 2140. పదికి అర కేజీ విరిగి ముక్కలవుతుంది, దాన్ని నేను తూకంలో తీసుకోలేను. కాబట్టి 2140ని తొమ్మిదిన్నరతో భాగిస్తే కేజీకి 225 రూపాయలు. "ఇది మీ ఖర్చు, కూలితో సహా. నేను 240 ఇస్తాను. పైన పదిహేను సంఘానికి."

ఇక్కడ ఎవరికైనా వచ్చే ప్రశ్నే వచ్చింది. లీడర్ అడిగింది, "మరి నువ్వెంతకి అమ్ముతావమ్మా?" 380 అన్నాను. అరుగు మీద ఒక్కసారి గొణుగుడు. తేడా 140. ఆ అంకె ముందే దాచి ఉంటే ఎవరో ఒకరు టౌన్‌కొచ్చి మా కొట్లో ధర చూసుకున్న రోజున ఒప్పందం తెగిపోయేది. చెప్పాను కాబట్టి విడగొట్టి చూపించే అవకాశం దొరికింది. ప్యాకెట్, లేబుల్ 14. ఆటో 8. కొట్టు అద్దె, కరెంటు, పనివాళ్ల జీతాలు కేజీ మీద వేస్తే 60. అమ్ముడుపోనివి, దారిలో విరిగినవి 15. జీఎస్టీ 18, అదీ 2025 సెప్టెంబరులో ప్యాకెట్ కారపు చిరుతిళ్ల మీద పన్ను 12 నుంచి 5 శాతానికి తగ్గించబట్టి. నాకు మిగిలేది 25. "పదిహేను మీకు, పాతిక నాకు" అన్నాను. పెద్దావిడ, "మాకు పదిహేనుతో పాటు కూలి కూడా ఉందిగా, నీకు కూలి లేదా?" అంది. ఉంది, ఆ పాతికలోనే. ఆ మాటతో ధర గురించి బేరం ఇక సాగలేదు. సాగింది వేరే చోట.

డబ్బు ఎప్పుడు ఇస్తారు? నేను అనుకుని వెళ్లింది, సరుకు అందిన పదిహేను రోజులకి. మా వ్యాపారంలో అది మామూలే. వాళ్లకి అది కుదరదు. సామాన్లకి 1340 ముందు ఎవరు పెట్టాలి? సంఘం నుంచి అప్పు తీస్తే నూటికి రూపాయి వడ్డీ. పైగా పదో తారీఖున కిస్తీ ఆగితే గ్రూపు మొత్తం పేరు పోతుంది. పదో తారీఖు సంగతి నాకు ముందే తెలుసు కాబట్టి నేనే ఎత్తాను. చివరికి తేలింది ఇది: ఆర్డరు చెప్పిన రోజునే సామాన్ల డబ్బు నేను పంపాలి. సరుకు తూకం వేసి తీసుకున్న రోజునే మిగతాది ఇవ్వాలి. నెలాఖరు ఆర్డరు బాకీ ఏదైనా ఉంటే ఎనిమిదో తారీఖు దాటకూడదు. నా వైపు రిస్కు పెరిగింది, కాదనను. కానీ వారానికి రెండు బ్యాచ్‌ల సామాన్ల డబ్బు అంటే మూడు వేల లోపే. ఆ మాత్రం తిప్పలేకపోతే ఈ ఒప్పందానికి నేను వెళ్లనే కూడదు.

ఇంకో ముడి నేను ఊహించనిది. గ్రూపులో పదిమందికి పైగా ఉన్నారు, చెక్కల పనికి వచ్చేది ఐదుగురే. డబ్బంతా గ్రూపు ఖాతాలో పడితే తీయడానికి తీర్మానం రాయాలి, లీడర్లు ఇద్దరూ సంతకాలు పెట్టి బ్యాంకుకి వెళ్లాలి. ఈ రోజు చేసిన కూలి వచ్చే వారం చేతికొస్తుంది. పైగా పని చెయ్యనివాళ్లకి అందులో వాటా ఉందా లేదా అని తగువు. రెండో లీడర్ చాలా తెలివైన మాట చెప్పింది: "కూలి డబ్బు ఎవరిది వాళ్ల ఫోన్‌కి పంపెయ్. కేజీకి పదిహేను మాత్రం గ్రూపు ఖాతాలో వెయ్. అది అందరిదీ." పని చేసే ఐదుగురూ గంటలు రాసుకోవడానికి ఒక నోటు పుస్తకం. ఎవరు ఎన్ని గంటలు కూర్చున్నారో పక్కవాళ్లు సంతకం పెట్టాలి. తీర్మానం అక్కడే మినిట్స్ పుస్తకంలో రాయించారు. నేను ఒక ఫొటో తీసుకున్నాను. స్టాంపు పేపరు మీద ఒప్పందం కూడా తర్వాత రాసుకున్నాం కానీ, ఎప్పుడు మాట తేడా వచ్చినా అందరూ తెరిచేది ఆ మినిట్స్ పుస్తకాన్నే.

ఇప్పుడు అసలు సంగతి. నా ప్రసంగంలో నేను చాలాసేపు మాట్లాడింది దీని గురించే. కేజీల లెక్కన డబ్బు ఇచ్చే ఏ పిండివంటలోనైనా ఒక వల ఉంటుంది. సరిగ్గా వేగనివి ఎక్కువ బరువు తూగుతాయి. తడి లోపలే ఉండిపోతుంది కదా. నూనె ఓడ్చకుండా తీసినా అంతే. అంటే తొందరపడి, అజాగ్రత్తగా చేసిన మనిషికి ఎక్కువ డబ్బు, నిదానంగా వేయించిన మనిషికి తక్కువ. ఎవరి మనసులోనూ మోసం లేకపోయినా ఈ లెక్కే మెల్లిగా సరుకుని పాడుచేస్తుంది. అందుకే ఇలా చెప్పాను:

"ఏడు కేజీల బియ్యానికి ముక్కలతో కలిపి పది కేజీలు రావాలి. పావు కేజీ అటూ ఇటూ అయితే ఫర్వాలేదు. పదిన్నర దాటిందంటే సంతోషపడకండి అక్కా. లోపల నీళ్లో, నూనో ఉన్నట్టే. పది కేజీల మీద ఎంత ఎక్కువొచ్చినా ఆ ఎక్కువకి డబ్బు ఇవ్వను. తొమ్మిది ముప్పావు వస్తే మాత్రం కోసుకోను, పదికే లెక్క వేస్తాను."

ముక్కలు తీసేసిన తర్వాతి తూకం, ముక్కలతో కలిపిన తూకం, రెండూ రాయాలని పెట్టుకున్నాం. ముక్కలు వాళ్లవే. ఊళ్లో పిల్లలకి అమ్ముకుంటారో, ఇంటికి తీసుకెళ్తారో వాళ్లిష్టం. నా ఆటో ఎక్కాక విరిగినవి, కొట్లో అమ్ముడుపోనివి నావి. ఒక్క సందర్భంలోనే వెనక్కి వెళ్తాయి: తయారైన పది రోజుల్లోపు మెత్తబడితే. అది వాళ్ల దగ్గర తప్పా, మా కొట్లో ప్యాకింగ్ తప్పా అన్నది ఎలా తేలుతుంది? ప్రతి బ్యాచ్ నుంచి రెండు ప్యాకెట్లు పక్కన పెడతాం, ఒకటి వాళ్ల దగ్గర, ఒకటి మా దగ్గర, రెండింటి మీదా తేదీ, బ్యాచ్ నంబరు. ఫిర్యాదు వస్తే రెండూ తెరుస్తాం. రెండూ మెత్తబడితే వేయించడంలో లోపం. వాళ్లది కరకరలాడుతూ, మాది మెత్తగా ఉంటే తప్పు మాది. ఈ మాట చెప్పినప్పుడు వాళ్ల మొహాల్లో వచ్చిన తేడా ధర చెప్పినప్పుడు కూడా రాలేదు. వెనకటి మనిషి సరుకు బాగోలేదని ఫోన్‌లో చెప్పి డబ్బు ఎగ్గొట్టాడట, బాగోలేదని చూపించింది లేదు.

వంట ఎక్కడ అన్నదానికి నేను ఒకటే పట్టు పట్టాను. ఎవరింట్లో వాళ్లు చేసి తీసుకురావడం వద్దు. ఐదు ఇళ్లలో చేస్తే ఐదు రుచులు, ఐదు నూనెలు. ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ కూడా తయారు చేసే చోటుకే ఉండాలి, అదే పద్నాలుగు అంకెల నంబరు ప్యాకెట్ మీద పడాలి. లీడర్ ఇంటి వెనక రేకుల వసారా ఉంది, కుళాయి ఉంది. నేల గచ్చు చేయించడం, కిటికీకి దోమల జాలీ కొట్టించడం వాళ్లు పెట్టుకున్నారు. రిజిస్ట్రేషన్ ఫీజు, తలకి టోపీలు, కాటా నేను. ఆన్‌లైన్‌లో ఫొటో, ఆధార్, చిరునామా పెట్టి దరఖాస్తు చేయడం వీవోఏ సాయంతో అయిపోయింది, దాని గురించి పెద్దగా చెప్పడానికి ఏమీ లేదు.

నూనె గురించి మాత్రం కాస్త గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది. మిగిలిన నూనెలో కొత్త నూనె కలిపి మళ్లీ వేయించడం మన ఇళ్లలో అందరికీ అలవాటే. పదే పదే కాగిన నూనెలో పోలార్ కాంపౌండ్స్ అనేవి పెరుగుతాయి, అవి 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 జులై నుంచి నిబంధన ఉంది. కొలిచే మీటరు ఖరీదు, మాబోటివాళ్లకి అందదు. కానీ కంటికి తెలుస్తుంది. చెక్కలు వేయగానే లేచే నురగ వేగేకొద్దీ తగ్గాలి. తగ్గకుండా అంచుల దాకా సన్నగా పేరుకుంటే, మామూలు మంట మీదే పొగ వస్తుంటే, గరిటెతో ఎత్తితే తీగలా జారుతుంటే ఆ నూనె పని అయిపోయినట్టే. కొత్త నూనె పోస్తే పాతది బాగుపడదు, కొత్తదే తొందరగా పాడవుతుంది. ప్రతి బ్యాచ్‌కీ కొత్త నూనె అని రాసుకున్నాం. అలాగే చెక్కలు తీసి న్యూస్‌పేపర్ మీద ఆరబోయకూడదు. సిరా నూనెకి అంటుతుంది. జాలీ ఉన్న స్టీలు పళ్లేలు తెచ్చిస్తానని చెప్పాను.

ఇస్తానన్న పది నిమిషాలు ఎప్పుడో దాటిపోయాయి. ఎవరూ లేవలేదు. చివర్లో ఒక పొలం పనికెళ్లే ఆవిడ, "నాట్లప్పుడు మేం రాం" అంది. ఇది చాలా న్యాయమైన మాట. దసరా, దీపావళి, సంక్రాంతికి మాకు గిరాకీ ఎక్కువ. నాట్లకి, కోతలకి వాళ్లకి తీరిక తక్కువ. సంక్రాంతికైతే ఎవరింట్లో వాళ్లకే పిండివంటలు. రెండు వైపులా మాట ఉండాలని ఇలా పెట్టుకున్నాం: మామూలు రోజుల్లో వారానికి ఇరవై కేజీలకి తక్కువ కాకుండా నేను తీసుకోవాలి, వాళ్లు ఇవ్వాలి. నాట్ల వారాల్లో పది కేజీలైనా చాలు, అది ముందు నెల మీటింగులోనే చెప్పాలి. పండగ ఆర్డరు ఏదైనా రెండు వారాల ముందు నేను చెప్పాలి, యాభై కేజీలు దాటి అడగకూడదు. ఎక్కువ ఆశపడి ఒప్పుకుని, ఆఖరికి బయట కొని కలిపి ఇచ్చే పరిస్థితి రాకూడదని ఆ యాభై గీత వాళ్లే గీశారు.

మొదటి బ్యాచ్ రోజు నేనూ వెళ్లాను. కలిపిన పిండి ముద్ద నున్నగా ఉంది, కాగిన నూనె పోసి పొడిపిండికి పట్టించడం పెద్దావిడ చేతులమీదుగా జరిగింది. నూనె పట్టిన ఆ పొడిపిండి పిడికిలితో నొక్కితే ముద్దగా నిలబడి, వేలితో తాకితే విడిపోవాలి. అక్కడ ఏ లోపమూ లేదు. తూకం వేస్తే మాత్రం 10 కేజీల 700 గ్రాములు. ఐదుగురూ నా మొహం వంకే చూస్తున్నారు. రెండు పొయ్యిల చెక్కలూ ఇంకా వేరు వేరు పళ్లేల్లోనే ఉన్నాయి, అది మంచిదైంది. మొదటి పొయ్యివి విరిస్తే టక్కుమన్నాయి. రెండో పొయ్యివి రంగు బాగానే ఉన్నాయి, మధ్యలో మాత్రం విరిచిన చోట కాస్త తెల్లగా, జిగటగా గీత. ఆ పొయ్యి బర్నరు పెద్దది, మంట ఎక్కువ. పైన తొందరగా ఎర్రబడేసరికి అయిపోయిందనుకుని తీసేశారు. నూనెలో బుడగలు దాదాపు ఆగిపోయేదాకా ఉంచాలి. బుడగలు వస్తున్నాయంటే లోపలి తడి ఇంకా బయటికొస్తోందనే. పెద్దావిడ ఆ పళ్లెం మొత్తాన్ని చిన్న మంట మీద రెండోసారి వేయించింది. వేడి పూర్తిగా తగ్గాక మళ్లీ తూకం వేస్తే పదికి కాస్త పైన.

వేడి తగ్గకముందే డబ్బాలో పెట్టడం ఇంకో ప్రమాదం. ఆవిరి మూతకి పట్టి మళ్లీ చెక్కల మీదే పడుతుంది. ఎంత బాగా వేగినా తెల్లారేసరికి మెత్తబడతాయి. అరచెయ్యి గుట్టలోకి దూర్చి చూడాలి, అడుగున కూడా గోరువెచ్చదనం ఉండకూడదు. మా అమ్మకి ఇవన్నీ చెబితే, ఇది నేను నీకు చిన్నప్పుడే చెప్పాను కదే అంటుంది. చెప్పింది. కాకపోతే వెయ్యి చెక్కల గుట్ట అడుగున వేడి ఎంతసేపు నిలుస్తుందో ఆవిడ కూడా చూసి ఉండదు.

ధర మార్చే సంగతి కూడా ఆ మొదటి మీటింగులోనే రాసుకోవడం మంచిదైంది. 2024 సెప్టెంబరులో దిగుమతి నూనెల మీద సుంకం పెంచినప్పుడు రోజుల్లోనే కొట్లలో నూనె ధరలు ఎగబాకాయి. అందరికీ అది గుర్తుంది. నూనె లీటరు మీద పది రూపాయలు పెరిగితే పది కేజీల చెక్కల మీద నలభై, అంటే కేజీకి నాలుగు రూపాయల పైచిలుకు. కాబట్టి నూనె బిల్లు లీటరుకి పది మారినప్పుడల్లా కేజీ ధర నాలుగు మారాలి, పెరిగినా తగ్గినా. మిగతా సామాన్ల ధరలు, కూలి మాత్రం ఆరు నెలలకోసారి కూర్చుని చూసుకుంటాం. ఒకసారి ఆ క్లాజు వాడాల్సి వచ్చింది. లీడర్ బిల్లు ఫొటో పంపింది, నేను నాలుగు కలిపి పంపాను, అంతటితో అయిపోయింది.

ఇప్పుడు వాళ్లు అరిసెలు కూడా తీసుకోమంటున్నారు. అది అంత సులువుగా తేలడం లేదు. చెక్కల్లో సామాన్లు, గంటలు రెండూ కొలవచ్చు. అరిసెల్లో పాకం ఒక్క నిమిషం అటూ ఇటూ అయితే ఐదు కేజీల బెల్లం, పిండి కలిసి పోతాయి. ఆ నష్టం ఎవరి ఖాతాలో రాయాలి? సగం సగం అని నేనంటున్నాను. పాకం పట్టే పెద్దావిడకి గంట కూలి కాకుండా వాయికి ఇంత అని విడిగా ఇవ్వాలని, అప్పుడు నష్టం సగం భరిస్తామని వాళ్లంటున్నారు. వచ్చే నెల మీటింగులో ఆ లెక్కతో ఇంకో చార్టు కాగితం పట్టుకెళ్లాలి.